టూస్ కాంప్లిమెంట్‌లో రాసిన మైనస్ సంఖ్య సరైనదేనా? తిరగేసి, ఒకటి కలిపి సరిచూసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డిప్లొమా, బీటెక్ మొదటి ఏడాది పిల్లలకు నంబర్ సిస్టమ్స్ చెప్పేటప్పుడు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. జవాబు రాబట్టడం చాలామందికి వచ్చు. వచ్చిన జవాబు సరైనదో కాదో తేల్చుకునే దగ్గరే తడబడతారు. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే, సరిచూసుకున్నాక కూడా తప్పు జవాబునే ధీమాగా రాసి వస్తారు. అందుకే ఈ పేజీలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను. మొదటి నుంచి చివరి దాకా ఒకే సంఖ్యను పట్టుకుని నడుద్దాం: 8 బిట్లలో -76.

## ముందుగా -76ని టూస్ కాంప్లిమెంట్‌లో ఎలా రాస్తాం?

మైనస్ గుర్తును కాసేపు పక్కన పెట్టి 76ని బైనరీలోకి మార్చండి. 8 బిట్లలో స్థానాల విలువలు ఎడమ నుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1. 76లో 64 ఉంది, మిగిలింది 12. అందులో 8 ఉంది, మిగిలింది 4. కాబట్టి 64, 8, 4 స్థానాల్లో 1, మిగతా చోట్ల 0. ఇప్పుడు దాన్ని తిరగేయండి, అంటే ప్రతి 0ను 1గా, ప్రతి 1ని 0గా మార్చండి. తర్వాత ఒకటి కలపండి.

```
76            0 1 0 0 1 1 0 0
తిరగేస్తే      1 0 1 1 0 0 1 1
ఒకటి కలిపితే   1 0 1 1 0 1 0 0
```

మూడో వరుస ఎలా వచ్చిందో నెమ్మదిగా చూడండి, తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. 10110011కి 1 కలుపుతున్నాం. కుడి చివర 1కి 1 కలిస్తే 0 వేసి, 1 క్యారీ. దాని పక్కన కూడా 1 ఉంది, క్యారీ కలిస్తే మళ్ళీ 0 వేసి, 1 క్యారీ. మూడో చోట 0 ఉంది, క్యారీ వచ్చి కలవడంతో అది 1 అయింది, క్యారీ అక్కడితో ఆగింది. ఎడమ వైపు ఐదు బిట్లకూ ఇక పని లేదు, ఉన్నవి ఉన్నట్టే దించేయాలి. జవాబు 10110100.

## దీన్ని సరిచూసుకోవడం ఎలా?

మూడు పనులున్నాయి, వాటిని ఈ వరుసలోనే చేయండి.

మొదట ఎడమ చివరి బిట్, అంటే సైన్ బిట్ చూడండి. 10110100లో అది 1. మనం రాయాలనుకున్నది మైనస్ సంఖ్య కాబట్టి 1 ఉండి తీరాలి. అక్కడ 0 ఉంటే ఇక ముందుకు వెళ్ళడం అనవసరం, జవాబు తప్పే.

రెండోది, జవాబునే తీసుకుని మళ్ళీ తిరగేసి ఒకటి కలపండి.

```
జవాబు         1 0 1 1 0 1 0 0
తిరగేస్తే      0 1 0 0 1 0 1 1
ఒకటి కలిపితే   0 1 0 0 1 1 0 0
```

మూడోది, వచ్చిన బిట్లను డెసిమల్‌లోకి మార్చండి. 64 + 8 + 4 = 76. ముందు మైనస్ పెడితే -76. మొదలుపెట్టిన చోటికే వచ్చాం.

ఈ మూడో పనిని చాలామంది వదిలేస్తారు. పైన రాసుకున్న 01001100, కింద వచ్చిన 01001100 ఒకేలా ఉన్నాయి కదా అని టిక్కు పెట్టేసి వెళ్ళిపోతారు. అలా వద్దు. 76ని బైనరీలోకి మార్చేటప్పుడే పొరపాటున 01001010 రాశారనుకోండి, అది నిజానికి 74. దాన్ని తిరగేసి ఒకటి కలిపితే 10110110 వస్తుంది. ఆ జవాబును మళ్ళీ తిరగేసి ఒకటి కలిపితే 01001010 వస్తుంది. బిట్లు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి, సైన్ బిట్ కూడా 1. అయినా జవాబు తప్పు. స్థానాల విలువలు కొత్తగా వేసుకుని కూడితే 64 + 8 + 2 = 74 అని తేలుతుంది, తప్పు దొరికిపోతుంది. ముందు చేసిన లెక్క వైపు చూడకుండా కూడాలి. పోల్చాల్సింది ముందు రాసుకున్న బిట్లతో కాదు, ప్రశ్నలో ఇచ్చిన డెసిమల్ సంఖ్యతో.

## వెనక్కి వచ్చేటప్పుడు ముందు ఒకటి తీసేసి, తర్వాత తిరగేయాలి కదా? వెళ్ళేటప్పుడు చేసిందే మళ్ళీ చేస్తే ఎలా సరిపోతుంది?

మంచి సందేహం. వెళ్ళేటప్పుడు తిరగేసి, ఒకటి కలిపాం. వచ్చిన దారినే వెనక్కి నడవాలంటే ఒకటి తీసేసి, తిరగేయాలి. ఆ దారి కూడా సరైనదే. 10110100లోంచి 1 తీస్తే 10110011, తిరగేస్తే 01001100. అదే 76.

రెండు దారులూ ఒకే చోటికి ఎందుకు చేరతాయో తెలియాలంటే, తిరగేయడం అంటే లెక్కలో ఏమిటో చూడాలి. ఏ 8 బిట్ల సంఖ్యనైనా తీసుకుని, దాన్ని తిరగేసిన రూపంతో కూడండి. ఒక చోట 0 ఉంటే రెండోదాంట్లో 1, ఒక చోట 1 ఉంటే రెండోదాంట్లో 0. అన్ని చోట్లా 1 వచ్చి మొత్తం 11111111 అవుతుంది, అంటే 255. కాబట్టి x అనే సంఖ్యను తిరగేస్తే వచ్చేది 255 - x. దానికి ఒకటి కలిపితే 256 - x.

76తో చూస్తే 256 - 76 = 180. మన జవాబు 10110100ను మామూలు సంఖ్యగా చదివితే 128 + 32 + 16 + 4 = 180. సరిపోయింది. ఇప్పుడు 180కి అదే పని చేయండి: 256 - 180 = 76. రెండుసార్లు చేస్తే మొదటికే వస్తుంది, ఎందుకంటే 256 - (256 - x) అంటే x. ఒకటి తీసేసి తిరగేసే దారిలో 255 - (x - 1) చేస్తున్నాం, అది కూడా 256 - x.

పరీక్షలో ఏది వాడినా మార్కులు పడతాయి. నేను మాత్రం పిల్లలకు కలపడమే చెబుతాను. బైనరీలో తీసివేత దగ్గర అప్పు తెచ్చుకునేటప్పుడు తడబడే వాళ్ళే ఎక్కువ. సరిచూసుకునే పనిలోనే కొత్త తప్పు దొర్లితే అసలుకే మోసం.

## సరిచూస్తే 77 వచ్చింది. ఒక్కోసారి 78, 68 లాంటివి వస్తున్నాయి. తప్పు ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి?

మొత్తం కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టకండి. వచ్చిన సంఖ్యకూ, రావాల్సిన సంఖ్యకూ ఉన్న తేడాయే తప్పు జరిగిన చోటును చూపిస్తుంది.

77 వస్తే తేడా 1. మొదటిసారి తిరగేశాక ఒకటి కలపడం మర్చిపోయి ఉంటారు. మీ జవాబు 10110011 అయి ఉంటుంది. దాన్ని తిరగేస్తే 01001100, ఒకటి కలిపితే 01001101, అంటే 77. ఈ తప్పును సరిచూడకుండానే పట్టుకునే మార్గం కూడా ఒకటుంది. సంఖ్యకూ, దాని టూస్ కాంప్లిమెంట్‌కూ కుడి చివరి బిట్ ఎప్పుడూ ఒకటే. 76 సరి సంఖ్య, చివరి బిట్ 0. జవాబు చివర 1 కనిపించిందంటే ఒకటి కలపలేదన్నమాట.

78 వస్తే తేడా 2. ఎక్కువసార్లు ఇది క్యారీ తప్పు. కుడి చివర 1కి 1 కలిపి 0 వేశారు, కానీ క్యారీని పక్కకు తీసుకెళ్ళలేదు. జవాబు 10110010 అయింది. తిరగేస్తే 01001101, ఒకటి కలిపితే 01001110, అంటే 64 + 8 + 4 + 2 = 78. రెండో స్థానం బిట్‌ను తిరగేయడం మర్చిపోయినా ఇదే వస్తుంది, కాబట్టి ఆ చోటును రెండు రకాలుగా చూడండి.

68 వస్తే తేడా 8. 8 స్థానంలో ఉన్న 1ని తిరగేయకుండా అలాగే దించేశారు. 92 వస్తే తేడా 16, కాబట్టి 16 స్థానంలో ఉన్న 0ను తిరగేయలేదు. ఒక్క బిట్ తప్పిపోతే తేడా ఎప్పుడూ 1, 2, 4, 8, 16 ఇలా ఒక స్థానం విలువే అవుతుంది, వెంటనే ఆ స్థానానికి వెళ్ళి చూడొచ్చు. తేడా 24 లాంటిది వస్తే రెండు బిట్లు పోయి ఉండొచ్చు. అప్పుడు మాత్రం కొత్తగా చేసుకోవడమే మేలు.

## సరిచూసుకుంటే సరిగ్గానే వచ్చింది, అయినా జవాబు తప్పని మార్కు వేయలేదు. ఎలా?

ఈ పేజీ రాయాలనిపించింది ఈ ప్రశ్న వల్లే. ఒక అమ్మాయి పేపరు తెచ్చి చూపించింది. ప్రశ్న 8 బిట్లలో -76 రాయమని. తను రాసింది 00110100. పక్కన మార్జిన్‌లో చక్కగా సరిచూసుకుంది కూడా, 76 వచ్చింది. "సార్, నాకు సరిపోయింది కదా, మార్కు ఎందుకు పోయింది?" అని అడిగింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తను చేసింది చూడండి.

```
76            1 0 0 1 1 0 0
తిరగేస్తే      0 1 1 0 0 1 1
ఒకటి కలిపితే   0 1 1 0 1 0 0
```

76కి ఏడు బిట్లు చాలు కాబట్టి ఏడే రాసింది. ఎడమ పక్కన సున్నా పెట్టి ఎనిమిది చేయకముందే తిరగేసింది. జవాబు వచ్చాక 8 బిట్లు అడిగారని గుర్తొచ్చి ముందు ఒక సున్నా తగిలించింది. సరిచూసేటప్పుడు మళ్ళీ ఏడు బిట్లతోనే చేసింది: 0110100ని తిరగేస్తే 1001011, ఒకటి కలిపితే 1001100, అంటే 76. సరిపోయినట్టే కనిపించింది. కానీ 00110100 అంటే 32 + 16 + 4 = 52, అదీ ప్లస్ 52.

ఇందాక చెప్పుకున్న 256 - (256 - x) గుర్తు తెచ్చుకోండి. తిరగేసి ఒకటి కలపడం అనే పనిని తప్పు లేకుండా రెండుసార్లు చేస్తే, మొదలుపెట్టిన బిట్లు ఏవైనా సరే, వాటి దగ్గరికే తిరిగి వస్తాం. ఏడు బిట్లలో చేస్తే 256 బదులు 128 వస్తుంది, అంతే తేడా. అంటే ఈ సరిచూపు తిరగేయడంలో, కలపడంలో జరిగిన తప్పుల్ని పట్టుకుంటుంది. ఆ సంఖ్య మనం తీసుకున్న బిట్లలో పడుతుందా లేదా అన్నది దానికి తెలియదు. తను ఏడు బిట్లలో -76 రాయబోయింది. ఏడు బిట్లలో -64 కంటే కిందికి పోలేం. ఆ సంగతి చెప్పేది సైన్ బిట్ ఒక్కటే. అందుకే దాన్ని మొదటి పనిగా పెట్టాను.

ఇదే తప్పు ఇంకో వేషంలోనూ వస్తుంది. 8 బిట్లలో -200 రాయమన్నారనుకోండి. 200 అంటే 11001000. తిరగేస్తే 00110111, ఒకటి కలిపితే 00111000. మళ్ళీ తిరగేసి ఒకటి కలిపితే 11001000, అంటే 200. లెక్కలో ఒక్క పొరపాటూ లేదు, సరిచూపు నిక్కచ్చిగా సరిపోయింది. అయినా 00111000 అంటే ప్లస్ 56. 8 బిట్లలో -128 నుంచి 127 దాకానే రాయగలం, -200కి అందులో చోటే లేదు. ఇలాంటి ప్రశ్న వస్తే 8 బిట్లలో రాయలేమని చెప్పడమే సరైన జవాబు. -129 నుంచి -255 దాకా ఏ సంఖ్య ఇచ్చినా జవాబులో సైన్ బిట్ 0 వస్తుంది, కాబట్టి మొదటి చూపులోనే దొరికిపోతుంది.

మరో రకం కూడా చూశాను. ఒకటి కలపాలన్న సంగతే తెలియని అబ్బాయి -76కి 10110011 రాశాడు. సరిచూసేటప్పుడు కూడా ఒకటి కలపలేదు, ఉత్తగా తిరగేశాడు. 01001100, అంటే 76. సరిపోయింది. అతను తెలియకుండానే వన్స్ కాంప్లిమెంట్‌లో రాసి, వన్స్ కాంప్లిమెంట్‌లోనే సరిచూశాడు. రాసేటప్పుడూ సరిచూసేటప్పుడూ ఒకే తప్పు చేస్తే ఆ తప్పు కనపడదు.

## అయితే తిరగేయకుండా, ఒకటి కలపకుండా సరిచూసే దారి లేదా?

ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది కూడా అదే. టూస్ కాంప్లిమెంట్‌లో ఎడమ చివరి స్థానం విలువ 128 కాదు, -128. మిగతావన్నీ మామూలే. 10110100 తీసుకుంటే:

```
-128 + 32 + 16 + 4 = -76
```

ఒకే వరుసలో అయిపోయింది, గుర్తు కూడా దానంతట అదే వచ్చింది. ఇందాకటి తప్పు జవాబులన్నిటినీ దీని ముందు పెట్టి చూడండి. 00110100 పెడితే 52 అంటుంది. 00111000 పెడితే 56 అంటుంది. 10110011 పెడితే -128 + 32 + 16 + 2 + 1 = -77 అంటుంది. ఒక్కటీ తప్పించుకోలేదు. జవాబు రాబట్టిన పద్ధతికీ దీనికీ పోలిక లేదు కాబట్టి అక్కడ చేసిన తప్పు ఇక్కడ మళ్ళీ జరగదు.

మరి తిరగేసి ఒకటి కలిపే సరిచూపు ఎందుకు నేర్చుకోవాలంటే, ప్రశ్నలోనే అలా చేయమని అడుగుతారు. పైగా తప్పు ఏ బిట్‌లో ఉందో చూపించే విషయంలో అది బాగా పనికొస్తుంది. సమయం ఉంటే రెండూ చేయండి. ఒక్కదానికే సమయం ఉండి, ఫలానా పద్ధతి వాడమని అడగకపోతే, -128 దారి పట్టండి.

## -128ని తిరగేసి ఒకటి కలిపితే మళ్ళీ అదే వస్తోంది. నేనేమైనా తప్పు చేస్తున్నానా?

లేదు, మీ లెక్క సరిగ్గానే ఉంది. 10000000ను తిరగేస్తే 01111111. ఒకటి కలిపితే క్యారీ ఏడు చోట్లా దొర్లుకుంటూ వెళ్ళి 10000000 అవుతుంది. 256 - 128 = 128 కాబట్టి అంతకు మించి జరగడానికి లేదు.

ఇక్కడ గందరగోళం మూడో పనిలో వస్తుంది. తిరిగి వచ్చిన బిట్లలో సైన్ బిట్ మళ్ళీ 1 ఉంది, మరి దీన్ని మైనస్‌గా చదవాలా, ప్లస్‌గా చదవాలా? సరిచూసేటప్పుడు చివర్లో మనకు కావలసింది గుర్తు లేని పరిమాణం. ఆ బిట్లను మామూలు సంఖ్యగా చదవండి: 128. మైనస్ తగిలిస్తే -128. సరిపోయింది. 8 బిట్లలో +128 లేదు కాబట్టి -128కి ఎదురు సంఖ్య అక్కడ దొరకదు. ఆ లోటు ఇలా బయటపడుతుంది. 16 బిట్లలో -32768 కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది.

## సున్నాకి చేస్తే తొమ్మిదో బిట్ వస్తోందేమిటి?

00000000ను తిరగేస్తే 11111111, ఒకటి కలిపితే 1 00000000. ఎనిమిది దాటిన ఆ 1ని వదిలేయాలి. మిగిలింది సున్నాయే. తిరగేసి ఒకటి కలిపేటప్పుడు బయటికి క్యారీ వచ్చేది సున్నాకి మాత్రమే. ఇంకే సంఖ్యకైనా వస్తే కూడికలో తప్పుంది.

## 8 బిట్ల జవాబును 16 బిట్లకు పెంచాక ఎలా సరిచూడాలి?

పెంచేటప్పుడు ఎడమ పక్కన సైన్ బిట్‌నే ఎనిమిదిసార్లు రాయాలి. 10110100 కాస్తా 11111111 10110100 అవుతుంది. తిరగేస్తే 00000000 01001011, ఒకటి కలిపితే 00000000 01001100. అదే 76.

అలవాటు కొద్దీ సున్నాలు పెట్టి 00000000 10110100 అని రాస్తే అది ప్లస్ 180 అవుతుంది. ఇక్కడ కూడా బిట్లు పెంచకముందు చేసిన సరిచూపు మీద ఆధారపడకండి. పెంచాక వచ్చిన పదహారు బిట్లతో మళ్ళీ చేయండి, ఈసారి సైన్ బిట్ అంటే పదహారింటిలో ఎడమ చివరిది.

## ల్యాబ్‌లో 8085 కిట్ మీద చేశాను. రెండుసార్లు నడిపితే 76 తిరిగి వచ్చింది, కానీ మధ్యలో `B4` రావాల్సిన చోట `8A` వచ్చింది. కిట్ పాడైందా?

కిట్ బాగానే ఉంది. ప్రోగ్రామ్ సాధారణంగా ఇలా ఉంటుంది.

```
LDA 2050H
CMA
INR A
STA 2051H
HLT
```

`CMA` అక్యుములేటర్‌లోని బిట్లను తిరగేస్తుంది, `INR A` ఒకటి కలుపుతుంది. మనం కాగితం మీద చేసిందే. చిక్కు డేటా ఎక్కించిన చోట వచ్చింది. కిట్ కీబోర్డులో మీరు నొక్కేది హెక్సాడెసిమల్. `2050` చిరునామాలో 76 అని నొక్కితే అది మన డెసిమల్ 76 కాదు, 7 × 16 + 6 = 118. దాని టూస్ కాంప్లిమెంట్ 256 - 118 = 138, అంటే `8A`. ఆ `8A`ని తీసుకెళ్ళి మళ్ళీ `2050`లో పెట్టి నడిపితే డిస్‌ప్లే మీద 76 అనే కనిపిస్తుంది. అది చూసి అంతా సరిగ్గా ఉందనుకుంటారు.

డెసిమల్ 76కి నొక్కాల్సింది `4C`. అప్పుడు `B4` వస్తుంది, `B4`ని మళ్ళీ పెడితే `4C` వస్తుంది. డిస్‌ప్లేలో కనిపించింది చూసి ఊరుకోకుండా, దాన్ని డెసిమల్‌లోకి మార్చి చూసుకోవాలి: 4 × 16 + 12 = 76. మూడో పనిని వదలొద్దని పైన చెప్పింది ఇందుకే.

## పైథాన్‌లో సరిచూద్దామంటే `bin(-76)` వింతగా ఇస్తోంది. ఏం చేయాలి?

`bin(-76)` ఇచ్చేది `-0b1001100`. అది టూస్ కాంప్లిమెంట్ కాదు, 76 బైనరీకి ముందు మైనస్ పెట్టింది, అంతే. పైథాన్ పూర్ణాంకాలకు ఇన్ని బిట్లు అని హద్దు లేదు కాబట్టి, ఎన్ని బిట్లు కావాలో మనమే చెప్పాలి.

```python
n = -76
b = format(n & 0xFF, '08b')
back = (~int(b, 2) + 1) & 0xFF
print(b, back)
```

దీన్ని నడిపితే `10110100 76` వస్తుంది. ఇప్పుడు `n = -200` పెట్టి నడపండి. `00111000 200` వస్తుంది, ఏ ఎర్రరూ రాదు. కాగితం మీద మనల్ని బోల్తా కొట్టించినదే ఇక్కడా కొట్టిస్తోంది, ఎందుకంటే ప్రోగ్రామ్ కూడా అదే లెక్క చేస్తోంది. హద్దు కూడా చూడాలంటే ఇది వాడండి:

```python
n.to_bytes(1, 'big', signed=True).hex()
```

`n` విలువ -76 అయితే `b4` ఇస్తుంది. -200 అయితే `OverflowError` అని ఆగిపోతుంది. మనకు కావలసింది అదే.

## ఎక్సెల్‌లో `DEC2BIN(-76)` పెడితే పది బిట్లు వచ్చాయి. నా జవాబు తప్పా?

మీ జవాబు సరైనదే. మైనస్ సంఖ్యలకు ఆ ఫంక్షన్ ఎప్పుడూ పది బిట్లలోనే ఇస్తుంది. వచ్చింది `1110110100` కదా, ఎడమ పక్కన ఉన్న రెండు ఒకట్లు సైన్ బిట్ నకళ్ళు. వాటిని తీసేస్తే 10110100.

వెనక్కి మార్చేటప్పుడు మాత్రం పప్పులో కాలేయకండి. `BIN2DEC("10110100")` అని పెడితే 180 వస్తుంది. అది పది బిట్ల లెక్కలో చూస్తుంది కాబట్టి, ఎనిమిదే ఇస్తే ముందు రెండు సున్నాలు ఉన్నట్టు అనుకుంటుంది. పది బిట్లూ ఇస్తే -76 ఇస్తుంది. 180 వచ్చినా ఫరవాలేదు, 180 - 256 చేయండి, -76 అని తేలుతుంది.